గోడ మీద ఏ అంకె వేయాలి?

పొదుపు సంఘంలో చేరమని ఊరి ఆడవాళ్లను పిలిచే గోడరాతకు మాటలు కూర్చిపెట్టమని మా గ్రామ సంఘం వాళ్లు నన్ను అడిగారు. మాటల కంటే ముందు ఒక అంకె దగ్గర ఆగిపోయాను. నెలకు ఎంత కట్టాలో గోడ మీద చెప్పాలా, వద్దా?

గోడను సంఘం వాళ్లే ఎంచారు. బస్టాపు దగ్గర పెద్ద గోడ ఉన్నా రేషన్ షాపు పక్కగోడే కావాలన్నారు. వరసలో నిలబడే ఆడవాళ్లకు అక్కడ చదివే తీరిక ఉంటుంది, చదవడం రానామెకు పక్కామె చదివి చెబుతుంది. పెయింటర్ సున్నం కొట్టి, నీలిమందు అద్దిన దారాన్ని ఇద్దరి చేత బిగబట్టించి, మధ్యలో లాగి వదిలాడు. తెల్లగోడ మీద సన్నటి గీత పడింది. వానచినుకులు చిందే చోట సున్నం పెచ్చులూడుతుందని మొదటి గీతను మోకాలెత్తుకు పైనే వేశాడు.

‘నెలకు వంద’ అని పెద్దగా రాయమన్నారొకరు. కూలికి వెళ్లే ఒక పెద్దామె ఒప్పుకోలేదు. “నాట్లప్పుడు వంద లెక్క కాదు నాయనా. పనుల్లేని ఎండాకాలంలో అదే వంద పుట్టదు. గోడ మీద వంద చూసి, లేనామె లోపలికి రాదు, ఎందుకు రాలేదో చెప్పదు కూడా” అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. 1992లో దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం తర్వాత నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమం పాకింది ‘రోజుకో రూపాయి’ అనే అంకెతోనే కదా! అంకె లేకపోతే పిలుపులో పట్టు ఉంటుందా? ఆలోచిస్తే, ఆ రూపాయి బలం అంకె కావడంలో లేదనిపించింది. ఏ ఇంటామె అయినా తనవల్ల అవుతుందనుకోగలగడంలో ఉంది.

సంఘం లెక్క చూస్తే ఆ పెద్దామె భయం అర్థమవుతుంది. పదిమంది నెలకు వంద కడితే ఐదు నెలలకు ఐదు వేలు. అది ఒకామెకు నూటికి నెలకు రూపాయి వడ్డీ మీద ఇచ్చారనుకుందాం. నెలకు ఐదు వందల చొప్పున అసలు తీరుస్తూ పోతే మొదటి నెల వడ్డీ యాభై, చివరి నెల ఐదు. పది నెలలకు మొత్తం 275 రూపాయలు, అదీ సంఘం నిధిలోకే వస్తుంది. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలు ఒక్కసారిగా చివర్లో తీర్చేదైతే వడ్డీయే 1,500. ఈ తేడా అంతా నెలనెలా తప్పకుండా కట్టడం మీద నిలుస్తుంది. కట్టలేనామె ఆ వంద కోసం మళ్లీ బయట అప్పు చేస్తుంది, లేదా మొహం చెల్లక సమావేశానికి రావడం మానేస్తుంది. సంఘం చెడుతున్నదని డబ్బు ఆగాక కాదు, హాజరు తగ్గినప్పుడే తెలుస్తుంది.

మరి ‘బ్యాంకు లోను’ అని రాద్దామా? పుస్తకాలు, పొదుపు, హాజరు, అప్పులు తీర్చిన తీరు చూసి లోను ఇవ్వాలో వద్దో తేల్చేది బ్యాంకు. మన చేతిలో లేనిదాన్ని మన గోడ మీద ఎలా రాస్తాం? చివరికి గోడ ఎక్కినవి ఇవి:

“అక్కా! ఎంత పొదుపో మనమే అనుకుందాం. అప్పు ఎవరికో మనమే తీర్మానిద్దాం. ప్రతి నెల 5వ తేదీ, బడి దగ్గర. వచ్చి వినండి, నచ్చితే చేరండి.”

మేలుకోమని, చైతన్యవంతులు కమ్మని ఎవరినీ అనలేదు. పోపుల డబ్బాలో ఎప్పటినుంచో దాచుకుంటున్న మనిషికి పొదుపు గురించి మనం కొత్తగా చెప్పేదేముంది? ఆమెకు తెలియాల్సింది, అక్కడ తన మాట చెల్లుతుందా లేదా అన్నది. గౌరవమంటే అదేనేమో.

గోడ మీది మాట ముందుగా రాయించినవాళ్లనే కట్టేసింది. ఊళ్లో అప్పటికే ఉన్న పాత సంఘంలో ఏళ్ల తరబడి పోగైన నిధి ఉంది. కొత్తగా చేరేవాళ్లకు అందులో వాటా ఎలా కట్టాలన్నది చిక్కే. అందుకని వచ్చినవాళ్లంతా వేరే సంఘంగా కూడారు, నెలకు యాభై అని తీర్మానం రాసుకున్నారు. అంటే పదిమంది లెక్కన మొదటి ఐదు వేలు పోగవడానికి ఐదు నెలలు కాదు, పది నెలలు. అంతదాకా పెద్ద అవసరం వస్తే బయటి వడ్డీయే దిక్కు. ఆ నష్టం వాళ్లకు తెలుసు, లెక్కేసుకునే ఒప్పుకున్నారు. తక్కువ అంకె మంచిదని నేను చెప్పలేను. ఆ అంకె వేసే చేయి ఎవరిదై ఉండాలో మాత్రం ఇప్పుడు నాకు సందేహం లేదు.