కోడిగుడ్డు ఏ కులం?

పోయిన శనివారం మా స్టాఫ్ లంచ్. దానికి రెండు రోజుల ముందు, మా కాలేజీలో స్పానిష్ చెప్పే గెస్ట్ టీచర్ నన్ను ఆపి ఒక మాట అడిగింది. ఆమెది స్పెయిన్. అశోక్ నగర్‌లో ఒక గదిలో అద్దెకుంటుంది.

"మేడమ్, వెజిటేరియన్ వాళ్ళ కోసం తోర్తియా చేసి తెస్తాను. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఆలివ్ నూనె, ఆరు గుడ్లు. మాంసం అస్సలు లేదు."

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆమె దేశంలో అది శాకాహారమే. అక్కడ గుడ్డు తినే మనిషి కూడా వెజిటేరియనే. ఇక్కడ లెక్క వేరు. మన ఆహార చట్టం ప్రకారం గుడ్డు కలిసిన ప్యాకెట్ మీద గోధుమ రంగు గుర్తు పడుతుంది, పాలు కలిసిన దాని మీద పచ్చ గుర్తు. ఆవు పాలు పచ్చ, కోడి గుడ్డు గోధుమ. రెండూ జంతువు నుంచి వచ్చినవే కదా అంది. నిజమే. కానీ ఆ గీత గీసింది సైన్సు కాదు, ఏ వంటింట్లో ఏది ముందునుంచీ ఉంది అన్నదే.

ఆ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి నారాయణగూడ దాకా ఇద్దరం నడిచాం. దారిలో ఆమె తన భాష సంగతి చెప్పింది. స్పానిష్‌లో 'కార్నే' అంటే మాంసమే అయినా చాలామందికి ఎర్ర మాంసమే గుర్తొస్తుందట. 'కార్నే లేకుండా' అని అడిగితే చేపో, సన్నగా తరిగిన పందిమాంసమో వేసి ఇచ్చే హోటళ్ళు ఉన్నాయట. అందుకే అక్కడ శాకాహారి ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పుకోవాలి: చేప వద్దు, కోడి వద్దు, ఎముకల రసం వద్దు.

"మరి నాన్‌వెజ్‌ను మీ భాషలో ఏమంటారు?" అనడిగాను.

కొంచెంసేపు ఆలోచించింది. "అలాంటి మాట మేం వాడం. శాకాహారికి పేరుంది. మిగతావాళ్ళు తినేవాళ్ళు, అంతే."

అక్కడే ఆగిపోయాను. కేంద్రం 2014 నాటి నమూనా సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అయినా పేరులో 'నాన్' తగిలించుకున్నది మనమే. కొద్దిమంది తిండి కొలబద్ద అయింది, అందరి తిండి దానికి 'కానిది' అయింది.

టీ తాగుతూ కాగితం మీద మా డిపార్ట్‌మెంట్ లెక్క రాసిచ్చాను. పేర్లు రాయలేదు. ఆమె కాక పద్నాలుగు మందిమి. ఇద్దరు గుడ్డు ముట్టరు, గుడ్డు వేగిన పెనం మీద చేసిందీ తినరు. ఒకరు గుడ్డు తింటారు, మాంసం తినరు. ముగ్గురు అన్నీ తింటారు, శనివారం మాత్రం ముట్టరు. ఇద్దరు ముస్లింలు, హలాల్ అయితేనే మాంసం తింటారు. మిగిలిన ఆరుగురం అన్నీ తింటాం.

"వెజ్జా అని అడిగితే సరిపోదు," అన్నాను. "గుడ్డు పర్వాలేదా, ఈ రోజు పర్వాలేదా, అదే పెనం, అదే గరిటె పర్వాలేదా అని మూడూ అడగండి. కులాన్ని బట్టి ఊహించకండి, తప్పుతారు. కానీ గరిటె దగ్గర కులం ఉంటుంది, అది మర్చిపోకండి."

"అదెలా?"

"మీరు గది వెతికేటప్పుడు 'ఓన్లీ వెజ్' బోర్డులు చూశారా?"

"చూశాను. వాసన గొడవ అనుకున్నాను."

పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆ గల్లీల్లోనే నేనూ గది వెతికాను. ఒక ఇంటామె వెజ్జా అనడిగింది. కాదన్నాను. చికెనేనా, 'అదీ' తింటారా అంది. ఆ 'అది' పెద్దకూర. దానికి జవాబు చెబితే ఊరు, వాడ, ఇంటిపేరు అడగాల్సిన పని లేదు. మిమ్మల్ని అడిగితే అది తిండి ప్రశ్న, నన్ను అడిగితే కులం ప్రశ్న అని ఆమెకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లంచ్ మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది: ప్యూర్ వెజ్ హోటల్, అందరూ కలిసి కూర్చోవచ్చు అని. ఏడేళ్ళుగా అదే మాట. వాళ్ళ పక్కన కూర్చోవడానికి మేం మా కూర ఇంట్లో వదిలి రావాలి. మా పక్కన కూర్చోవడానికి వాళ్ళేమీ వదలక్కర్లేదు. ముట్టని ఇద్దరి మీద నాకు కోపం లేదు, వాళ్ళ పళ్ళెం వాళ్ళిష్టం. హోటల్ ఎంచేటప్పుడు మిగతా పన్నెండు మందిని ఎవరూ అడగకపోవడమే నా బాధ.

ఆమె తోర్తియా మానలేదు. కొత్త పెనం కొని, గుడ్డు బదులు శనగపిండి కలిపి వేసింది. వాళ్ళ దేశంలో గుడ్డు తిననివాళ్ళకు అలా చేస్తారట. హోటల్ వాళ్ళు బయటి తిండి ఒప్పుకోరు గనుక స్టాఫ్ రూమ్‌లోనే పంచింది. ఆ ఇద్దరూ పెనం గురించి అడిగి, తిన్నారు.

తర్వాత నా దగ్గరికొచ్చి, "అందరి లెక్కా రాశారు, మీకేది ఇష్టమో రాయలేదు. వచ్చేసారి మీకేం తేవాలి?" అంది.

ఏడేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వెంటనే జవాబు రాలేదు. సాయంత్రం మెట్రోలో కూర్చుని టైప్ చేశాను: ఏమీ తేవద్దు, ఆదివారం మా ఇంటికి రండి, అమ్మ పెద్దకూర వండుతుంది.

జై భీమ్.