పరిచయానికి రెండు నిమిషాలు

పటాన్‌చెరులో మా నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. వాళ్ల ఏడీఈ సార్ నెలాఖరున రిటైర్ అవుతుంటే సన్మాన సభకి యాంకరింగ్ నన్ను చేయమన్నారు. సార్ గురించి రెండు పేజీల బయోడేటా కూడా చేతికిచ్చారు.

అందులో సగం సంస్థ పేర్లే. ఆయన చేరినప్పుడు ఏపీఎస్ఈబీ. 1999లో ట్రాన్స్‌కో, 2000లో సీపీడీసీఎల్, 2014లో టీఎస్ఎస్‌పీడీసీఎల్, 2024లో టీజీఎస్‌పీడీసీఎల్. ఇవన్నీ చదివితే జనం నిద్రపోతారు. అందుకే ఒక్క వాక్యం చేశాను: "ఆఫీసు బోర్డు మీద పేరు నాలుగుసార్లు మారింది, సార్ పని మాత్రం మారలేదు." చేరిన తేదీ, ప్రమోషన్లు, అవార్డులు ఎలాగూ సన్మాన పత్రంలో చదువుతారు. అవే నేనూ చెబితే ఆ పత్రం చదివేవాళ్లకి ఏం మిగలదు.

మరి నేనేం చెప్పాలి? నాన్నని అడిగాను. "ఎల్‌సీ లేకుండా పోల్ ఎక్కనియ్యడు బిడ్డా. ఎంత అర్జెంటైనా సరే" అన్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. పని చేసే ఫీడర్‌ని ఆపేశామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. పని ముగించి దాన్ని తిరిగి ఇచ్చేదాకా లైన్‌లోకి కరెంటు వదలరు. మన ఏరియాలో ఫీడర్ ఆగితే ఫ్యాక్టరీల్లో మెషిన్లు ఆగుతాయి, సార్‌కి ఫోన్లు మోగుతాయి. అయినా ఆయన తొందరపెట్టలేదట. పరిచయానికి ఇదే చాలనిపించింది.

మొదట "కంపెనీల వాళ్లు ఎంత ఒత్తిడి చేసినా" అని రాశాను. ముందు వరుసలో కూర్చునేది ఆ కంపెనీల వాళ్లే కదా! అందుకని "ఎన్ని ఫోన్లు వచ్చినా" అని మార్చాను. "ఇక మన మధ్య ఉండరు", "ఆయన లేని లోటు తీరనిది" లాంటివి కూడా కొట్టేశాను. అవి సంతాప సభ మాటలు. సార్ ఎదురుగా నవ్వుతూ కూర్చుని ఉంటారు మరి.

చివరికి మిగిలింది ఇది:

"ఈదురుగాలికి లైన్ తెగిన రాత్రి, ఎన్ని ఫోన్లు వచ్చినా, ఎల్‌సీ వచ్చేదాకా ఆగమన్న అధికారి ఈయన. ఆ మాట విని ఆగినవాళ్లు ఈ సభలో మన పక్కనే కూర్చున్నారు."

ఆ తర్వాతే సార్ పేరు, హోదా. పేరు ముందే చెబితే చప్పట్లు అప్పుడే అయిపోతాయి, అసలు మాట గోలలో పోతుంది. పేరు వెంటనే అమ్మగారిని కూడా వేదిక మీదికి పిలవాలి. అర్ధరాత్రి ఫోన్లకి ఆ ఇంట్లో నిద్ర లేచింది సార్ ఒక్కరే కాదు కదా. ఇద్దరూ మెట్లు ఎక్కుతున్నంతసేపు మైకులో ఏమీ మాట్లాడకూడదని కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను.

గట్టిగా చదివి ఫోన్‌లో టైమర్ చూశాను. రెండు నిమిషాలకి పది సెకన్లు తక్కువ. శాలువా, పూలదండ, జ్ఞాపిక ఆ వెంటనే.