కన్సల్టెన్సీకి ఇచ్చిన ఆ ఒక్క పేజీ



కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఉద్యోగాలు వెతుక్కునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర మన బయోడేటా ఎందుకు ఆగిపోతుందో అవతలి వైపు కూర్చుంటే అర్థమవుతుంది. ఈసారి మేము ఆ అవతలి వైపు కూర్చున్నాం.

మేము పాడేరు వైపు కాఫీ రైతులతో కలిసి ఒక చిన్న ఉత్పత్తిదారుల కంపెనీ నడుపుతున్నాం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పళ్ల సీజన్. పండిన పండు కోసిన రోజే పల్పింగ్‌కి వెళ్లాలి, ఆలస్యమైతే పులిసిపోయి రుచి పాడవుతుంది. అందుకే ఊళ్లలోనే తూకం వేసి, చీటీ రాసి, సాయంత్రానికి లోడు పంపే కొనుగోలు సూపర్వైజర్ ఒకరు కావాలి. ఆ ఖాళీ కోసం విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. వాళ్లు మొదటి రోజే అడిగారు, "ఉద్యోగం వివరం ఒక పేజీలో రాసివ్వండి, దాన్ని బట్టే వడపోస్తాం" అని.

ఆ మాట మీద మేము రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఎందుకంటే ఆ పేజీలో లేనిది కన్సల్టెన్సీ తన అలవాటు ప్రకారం పూరించుకుంటుంది. మామూలుగా వాళ్ల అలవాటు ఏంటి? డిగ్రీలో అరవై శాతం, చదువులో గ్యాప్ లేకపోవడం, ఫోన్‌లో ఇంగ్లీషు. ఈ మూడింటికీ కాఫీ తూకంతో సంబంధం లేదు. కానీ మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఆ మూడు చోట్లే.

మొదట నైపుణ్యాలు. రెండు గళ్లు గీశాం. ఒకటి, వచ్చేటప్పుడే ఉండాల్సినవి. రెండోది, మేము నేర్పగలిగేవి. పండు రంగు చూడటం, తేమ మీటరు వాడటం, పార్చ్‌మెంట్ పది శాతం తేమ దాకా ఆరిందో లేదో చూసుకోవడం, ఇవన్నీ రెండు వారాల్లో నేర్పేస్తాం. వచ్చేటప్పుడే ఉండాల్సినవి మూడే రాశాం: కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడటం, లెక్క తప్పకుండా చీటీ రాయడం, ఘాట్ రోడ్డులో బండి నడపడం. చదువు ఏదైనా డిగ్రీ చాలు. శాతం అక్కర్లేదు, గ్యాప్ అడగొద్దు అని కూడా అక్షరాలా రాశాం.

ఇక్కడ మాలో మాకే వాదన వచ్చింది. "ఎస్టీ అభ్యర్థులు మాత్రమే" అని రాసేద్దామని కొందరు. భాష రాస్తే చాలని మిగతావాళ్లు. చివరికి భాషే రాశాం. కారణం ఏంటంటే, సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన వాళ్లకి కువి వస్తుందని లేదు. మైదానంలో హాస్టల్లో పెరిగిన మన పిల్లలకే చాలామందికి రాదు. తూకం దగ్గర కూర్చున్న ముసలమ్మకి లెక్క అర్థమయ్యేలా చెప్పడమే అసలు పని కాబట్టి, ఆ పనినే రాయాలి.

తర్వాత డబ్బు. "జీతం ఇరవై వేలు" అని ఊరికే రాస్తే మూడు అర్థాలు వస్తాయి. అందుకే విడదీసి రాశాం. బేసిక్ 15,000, అలవెన్సు 5,000, మొత్తం 20,000. ఇందులో ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 150 పోను చేతికి వచ్చేది 18,050. మా వైపు నుంచి కట్టే పీఎఫ్, దాని చార్జీలు కలిపి 1,950. అంటే కంపెనీకి నెలకి 21,950, ఏడాదికి 2,63,400. పెట్రోలు వేరే, బిల్లు మీద ఇస్తాం. అభ్యర్థికి ఫోన్‌లో చెప్పాల్సింది చేతికి వచ్చే 18,050 అని గీత గీసి మరీ రాశాం. పెద్ద అంకె విని ఘాట్ ఎక్కి వచ్చినవాళ్లు మొదటి జీతం చూసి దిగి వెళ్లిపోతారు.

కన్సల్టెన్సీ ఫీజు ఏడాది ఖర్చులో 8.33 శాతం, దాదాపు ఒక నెల జీతం. మా లెక్కలో 21,941, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే సుమారు 25,900. తొంభై రోజుల్లోపు మనిషి మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికి ఇవ్వాలి. ఇంకో షరతు విడిగా రాశాం: అభ్యర్థి దగ్గర రిజిస్ట్రేషన్ అనీ, ఫారం అనీ ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఫీజు మేమే కడుతున్నాం కదా.

ఇక చోటు. "పాడేరు" అని ఒక్క మాట రాస్తే విశాఖ నుంచి రోజూ వచ్చి పోవచ్చనుకునేవాళ్లు వస్తారు. అందుకే వారానికి నాలుగు రోజులు ఊళ్లలో, రెండు రోజులు ఆఫీసులో, ఇక్కడే గది తీసుకుని ఉండాలి, సగం ఊళ్లలో సిగ్నల్ ఉండదు అని ఉన్నదున్నట్టు రాశాం.

ఆ సిగ్నల్ మాటే వడపోతకి కూడా ముఖ్యం. కన్సల్టెన్సీ వాళ్లు ఒకే రోజు రెండుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే "అందుబాటులో లేరు" అని పక్కన పెట్టేస్తారు. కొండ మీద ఉన్న పిల్ల ఏం ఎత్తుతుంది? మేము ఇలా రాశాం: రెండు వేర్వేరు రోజులు ఫోన్ చేయాలి, అందులో ఒకటి ఆ మండలం సంత రోజు కావాలి, మెసేజ్ పెట్టి మూడు రోజులు ఆగాలి. భాష పరీక్ష వాళ్ల వల్ల కాదు కాబట్టి, ఐదు నిమిషాల ఫోన్ మాలో ఒకరే చేస్తారు. పది రోజుల్లో ఐదుగురి పేర్లు చాలు, ముప్పై వద్దు. తీసేసిన ప్రతి ఒక్కరికీ ఎదురుగా ఒక్క లైను కారణం రాసివ్వాలి.

ఈ చివరి షరతే మాకు బాగా పనికొచ్చింది. వచ్చిన ఐదు పేర్ల కన్నా తీసేసిన పదకొండు పేర్లు ముందు చదివాం. ఇద్దరికి ఎదురుగా "కమ్యూనికేషన్ వీక్" అని ఉంది. ఏ భాషలో అని అడిగాం. ఇంగ్లీషులో అన్నారు. పేజీలో ఇంగ్లీషు అనే మాటే లేదు కదండీ అని చూపించి, ఆ ఇద్దరినీ కలిపి ఏడుగురిని పిలిచాం.

ముఖాముఖిలో ప్రశ్నలు తక్కువ, పని ఎక్కువ. ఒక చీటీ ఇచ్చాం. మూడు బస్తాలు: 48.5, 51, 46.5 కిలోలు. ఒక్కో గోనెకి అరకిలో తీసేయాలి. పరీక్ష కోసం కిలో 40 రూపాయలు అనుకున్నాం, రైతు ముందే తీసుకున్న అడ్వాన్సు 2,000. చీటీలో ఇవ్వాల్సింది 3,840 అని రాసి ఉంది. సరిగ్గా చూస్తే 146 కిలోల్లో గోనెల బరువు ఒకటిన్నర తీసేసి 144.5, దానికి 5,780, అడ్వాన్సు పోను 3,780. తప్పు పట్టుకోవడం సగం పరీక్షే. ఆ అరవై రూపాయలు ఎందుకు తగ్గాయో రైతుగా కూర్చున్న మా పెద్దాయనకి ఆయన భాషలో చెప్పి ఒప్పించడం మిగతా సగం.

ఏడుగురిలో నలుగురు తప్పు పట్టుకున్నారు. గొంతు పెంచకుండా, ఖాళీ గోనె కాటా మీద పెట్టి చూపించి ఒప్పించింది ఒక్కరే. "వీక్" అని తీసేసిన ఇద్దరిలో ఒక చెల్లెలు. ఆమెనే తీసుకున్నాం.

మీకు రేపు ఏదైనా కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే మూడు అడగండి: చేతికి ఎంత వస్తుంది, పని ఏ ఊళ్లో, ఎంపికలో ఏం చేయిస్తారు. వాళ్లు చెప్పలేకపోతే అవతల కంపెనీ పేజీ సరిగా రాయలేదన్నమాట. కాదన్నప్పుడు కారణం కూడా అడగండి. మన సంఘాల్లో, సొసైటీల్లో మనుషుల్ని పెట్టుకునేవాళ్లు ఉంటే కామెంట్‌లో చెప్పండి, మా పేజీ నకలు పంపిస్తాం.