పదిహేను మందిలో ఒకడు

విజయవాడలో ఒక క్రికెట్ అకాడమీకి నేను స్కోరర్‌ని. మ్యాచ్ ఉన్న రోజు స్కోరుబుక్కు, లేని రోజు ఎక్సెల్ షీటు. 14 ఏళ్ళ లోపు జట్టులో 15 మంది పిల్లలున్నారు. వాళ్ళ పరుగులు, వికెట్లే కాదు, ఎత్తు, బరువు, 20 మీటర్ల పరుగుకి పట్టిన సమయం, వారంలో వేసిన బంతులు, ఎవరికి ఎక్కడ నొప్పి ఉంది అన్నవి కూడా నా దగ్గరే ఉంటాయి. వీటిలో ఏది ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి అని చూసుకోవడంతోనే నా పనిలో సగం సమయం గడిచిపోతుంది.

మ్యాచ్ స్కోరుతో పెద్ద పేచీ లేదు. ఎవడు సున్నాకి అవుటయ్యాడో గ్రౌండులో ఉన్న అందరూ చూశారు. పేచీ అంతా ఒంటి లెక్కలతోనే. ఈ వయసులో ఒకడికి మీసం మొలుస్తుంటుంది, వాడి ఈడువాడే ఇంకొకడు చిన్నపిల్లాడిలా ఉంటాడు. వీళ్ళిద్దరినీ పరుగెత్తించి సమయాలు పక్కపక్కన రాస్తే, ఎవడు ముందుగా ఎదిగాడన్నదే ఎక్కువగా తెలుస్తుంది. కోచ్‌కి ఆ సంగతి తెలుసు. స్పాన్సర్‌కి తెలియదు. ర్యాంకుల హోర్డింగులు చూసి చూసి అలవాటైన ఈ ఊళ్ళో తల్లిదండ్రులకి చెప్పినా నచ్చదు.

స్పాన్సర్ అంటే ఒక దుకాణం వాళ్ళు. కిట్లకి డబ్బిచ్చారు కాబట్టి ‘పిల్లల ప్రగతి’ చూపించమన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. మా అకాడమీ మేనేజర్ గారు, “పేర్లు తీసేసి ఇచ్చెయ్యండి, పోయేదేముంది” అన్నారు. పేర్లకి బదులు జెర్సీ నంబర్లు పెడదామని కూడా అన్నారు. ప్రతి మ్యాచ్ తర్వాతా జెర్సీలతో ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టేది ఆయనే! సరే, నంబర్లూ తీసేశామనుకుందాం. ‘వికెట్ కీపర్’ అన్న వరస మిగులుతుంది. జట్టులో కీపర్ ఒక్కడే. ఎడమచేతి స్పిన్నరూ ఒక్కడే. అందుకని అయిదుగురికి తక్కువ ఉన్న గుంపుకి నేను విడిగా లెక్క ఇవ్వను. కీపర్ని బ్యాట్స్‌మన్లలో, స్పిన్నర్ని బౌలర్లలో కలిపేస్తాను. అత్యధికం, అత్యల్పం అన్న గడులు కూడా ఉంచను. వాటిలో ఉండేది ఎవడో ఒక్క పిల్లాడి అంకె, దానికి జట్టు లెక్క అన్న పేరు మాత్రం తగిలిస్తాం.

ఇంతవరకు ఎవరికైనా తడుతుంది. తట్టనిది సగటు దగ్గర వస్తుంది. ఒక తల్లి, “మావాడి వివరాలు మీ దగ్గరే ఉంచండి సార్, బయటి వాళ్ళకి వద్దు” అని ఫారంలో సంతకం పెట్టకుండా తిరిగిచ్చింది. ఆవిడ మాట ప్రకారం స్పాన్సర్ పట్టికలో ఆ పిల్లాడిని వదిలేసి 14 మంది సగటు వేశారు. తల్లిదండ్రులకి ఇచ్చే పట్టికలో మాత్రం 15 మందీ ఉన్నారు. రెండు ముసాయిదాలూ పంపేముందు చూడమని నా బల్ల మీదికి వచ్చాయి. 15 మంది సగటు 3.60 సెకండ్లు, 14 మంది సగటు 3.56. ఎక్కడా ఎవరి పేరూ లేదు.

కాగితం మీద గుణించి చూడండి. 15 ఇంటూ 3.60 అంటే 54. 14 ఇంటూ 3.56 అంటే 49.84. తీసివేస్తే 4.16 వస్తుంది. అది ఆ తల్లి ఇవ్వొద్దన్న పిల్లాడి సమయం. సగటుని రెండు దశాంశాలకి సవరించడం వల్ల కొంత అటూ ఇటూ అవుతుంది గానీ, వాడు 4.0కీ 4.3కీ మధ్య ఎక్కడో ఉన్నాడని, జట్టు సగటుకి బాగా వెనకబడ్డాడని ఖాయంగా తెలిసిపోతుంది. ఒప్పుకున్న 14 మందీ గుంపులో క్షేమంగా కలిసిపోయారు, వద్దన్నవాడు ఒక్కడే బయటపడ్డాడు. సంతకం పెట్టని ఆ ఒక్కరు ఎవరో ఫారాలు పంచిన రోజు అక్కడున్న ప్రతి తండ్రికీ తెలుసు.

దీనికి నేను చేసే మందు రెండు రకాలు. ఒకే పరీక్షకి రెండు గుంపుల సగటు బయటికి పోనివ్వను. ఒక్కరు వద్దన్నా, బయటికి వెళ్ళే ప్రతి కాగితంలోనూ ఆ 14 మంది లెక్కే ఉంటుంది, తల్లిదండ్రులకైనా సరే. రెండోది, దశాంశం ఒకటికే ఆపుతాను. అప్పుడు ఇందాకటి రెండు సగటులూ 3.6 అవుతాయి, తీసివేతలో వచ్చే తేడా సెకనున్నరకి దగ్గరగా అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దాన్నుంచి ఏమీ లాగలేరు. రెండో మందు ఒక్కటే చాలదు. చిన్న జట్టులో ఒకడు మరీ వెనకబడితే ఆ ఒక్క దశాంశమే మారిపోతుంది. అందుకే పంపేముందు పాత పట్టిక పక్కన పెట్టుకుని తీసివేత చేసి చూస్తాను. కొత్త కుర్రాడు చేరిన నెలలోనూ, ఎవడైనా మానేసిన నెలలోనూ ఇది తప్పనిసరి.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఫైలు మోసం చేస్తుంది. ఎక్సెల్‌లో గీసిన గ్రాఫుని Embed Workbook పద్ధతిలో తెచ్చి పవర్‌పాయింట్‌లో అతికిస్తే, వెనకున్న షీటు మొత్తం దానితో పాటు వెళ్ళొచ్చు. అందుకున్నవాళ్ళు గ్రాఫు మీద కుడి క్లిక్ చేసి Edit Data నొక్కితే పేర్లతో సహా తెరుచుకుంటుంది. కాలమ్‌ని దాచిపెట్టడం కూడా అలాంటిదే, ఒక్క క్లిక్కుతో తిరిగొస్తుంది. నేను గ్రాఫుని బొమ్మగా అతికిస్తాను, పట్టికని కొత్త ఫైలులో టైపు చేస్తాను. చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ.

కోచ్ సంగతి వేరు. ఆయనకి పేర్లు కావాలి, ఇవ్వాలి కూడా. అయినా అన్నీ అక్కర్లేదు. కుర్ర ఫాస్ట్ బౌలర్లకి నడుం దగ్గర వెన్నెముకలో సన్న పగులు రావడం ఈ ఆటలో తెలిసిన గాయమే. డాక్టరు రాసిన కాగితం నా బీరువాలో ఉంటుంది. కోచ్ షీటులో ‘ఈ నెల బౌలింగ్ వద్దు, బ్యాటింగ్ చేయొచ్చు’ అని మాత్రమే ఉంటుంది. ఆ షీటు స్క్రీన్‌షాట్ ఎప్పుడో ఒకప్పుడు సెలక్షన్‌కి వచ్చే వాళ్ళ ఫోనులోకి చేరుతుందని అనుకునే రాస్తాను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లి లేక తండ్రి ఒప్పుకున్నట్టు సరిచూసుకోమంటుంది, పిల్లలని గురిపెట్టే ప్రకటనలని కాదంటుంది. ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉండొచ్చు. మేనేజర్ గారు ఆ అంకె విన్నాకే నా మాట వినడం మొదలుపెట్టారు. కానీ తీసివేత సంగతి ఏ సంతకంతోనూ తీరదు. అందుకే ఇప్పుడు స్పాన్సర్‌కి వెళ్ళేది ఎన్ని మ్యాచ్‌లు ఆడాం, ఎన్ని గెలిచాం, ఎంతమంది పిల్లలు ఎన్ని రోజులు నెట్స్‌కి వచ్చారు అన్నది. వాళ్ళకి అదే చాలింది. ఆ దుకాణం గోడకి వేలాడదీసింది జట్టు గెలుపోటముల పట్టికనే.

తల్లిదండ్రులకి ఎవరి పిల్లాడి కాగితం వాళ్ళకే, మడిచి చేతికిస్తాను. “మావాడు ఎన్నోవాడు సార్?” అని అడగని తండ్రి అరుదు. పోయిన పరీక్షకంటే ఎంత మారాడో చెప్తాను, ఎన్నోవాడో చెప్పను. కొందరు అలుగుతారు. ఒకాయన అలగడం మానేసి, పరీక్ష రోజు కంచె పక్కన నిలబడి ఫోనులో అందరి సమయాలూ తనే తీసుకోవడం మొదలుపెట్టాడు. దానికి నా ఎక్సెల్‌లో విరుగుడు లేదు. పరుగు పరీక్షలు పొద్దున్నే గేట్లు మూసి పెడదామని కోచ్ గారిని అడిగాను. వెనక గేటు మూయడానికి ఒప్పుకున్నారు. ముందు గేటు దగ్గర టీ కొట్టుంది, అది మాత్రం కుదరదన్నారు.