గ్యాస్ నొప్పే కదా అన్నారు

దుబాయ్ సోనాపూర్ క్యాంపులో మా రూముకు ఆరుగురం. నిరుడు రంజాన్‌కు ముందు ఒక రాత్రి ఒంటిగంట దాటాక మా పెద్దన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి, షట్టరింగ్ పని. "గుండె మీద బండ పెట్టినట్టుందిరా" అన్నాడు. ఒళ్ళంతా చెమట, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. టాక్సీ ఎక్కించి దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి తీసుకుపోయాం. ఇన్సూరెన్స్ కార్డు మీద ఆ ఆసుపత్రి పేరు ఉందా లేదా అని ఎవరం చూడలేదు. చూసే టైమా అది?

ఈసీజీ తీశారు, మామూలుగానే ఉంది. అయినా డాక్టరు పంపించలేదు. గుండెపోటు మొదట్లో ఈసీజీ బాగానే కనిపించవచ్చట. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఒకసారి చేసి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేస్తేగాని చెప్పలేమని అడ్మిట్ చేశారు. రెండోది కూడా బాగానే వచ్చింది. ఇంకో రోజు ఉంచి, కడుపులో పుండు లాంటిది, గ్యాస్ నొప్పి అని రాసి పంపించారు. బిల్లు 6,840 దిర్హాములు. మా చిట్టీ డబ్బులు తీసి కట్టాం.

డబ్బు వాపసు ఇవ్వమని అడిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు కాదన్నారు. కాగితం మీద రెండు కారణాలు: నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి ముందు అనుమతి లేకుండా వెళ్ళారు; జబ్బు అత్యవసరమైనది కాదు.

మేము మొదట రాసిన ఉత్తరం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. పెద్దన్న పేదవాడు, ఊళ్ళో అప్పులున్నాయి, కూతురి పెళ్ళి ఉంది, దయ చూపండి అని రెండు పేజీలు. వారం తిరక్కుండానే అదే జవాబు వచ్చింది. మా క్యాంపులో కొన్నాళ్ళు టైమ్‌కీపర్‌గా చేసిన కేరళ అన్న చదివి, "వాళ్ళు చెప్పిన రెండు మాటలకు మీరు జవాబే చెప్పలేదు" అన్నాడు.

అసలు కిటుకు డిశ్చార్జ్ కాగితంలో ఉంది. అందులో చివరికి తేలిన జబ్బు పేరే ఉంటుంది: గ్యాస్. ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చున్న మనిషికి అదొక్కటే కనిపించింది. కానీ అది అత్యవసరమా కాదా అన్నది, మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో చూసి తేల్చాలి. తెల్లారాక తేలిన పేరుతో కాదు. ఛాతీ నొప్పి గ్యాసో గుండెపోటో మంచం మీద ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? డాక్టరుకే రెండు రక్తపరీక్షలు కావలసి వచ్చింది.

ఆ గుమ్మం దగ్గరి సంగతి నర్సు రాసుకున్న ట్రయాజ్ కాగితంలో ఉంటుంది. అడిగితేగాని ఇవ్వరు. పెద్దన్న ఎమిరేట్స్ ఐడీతో రికార్డుల కౌంటరుకు వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. వచ్చిన టైము 1:52, చెమట, ఛాతీ నొప్పి, బీపీ, అయిదు మెట్లలో రెండో మెట్టు అని అందులో ఉంది. అడ్మిట్ ఎందుకు చేశారో రెండు వాక్యాల్లో రాసిమ్మని డాక్టరును కూడా అడిగాం.

రెండో ఉత్తరం ఇంగ్లీషులో ఒక్క పేజీ. పైన పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, కాదన్న ఉత్తరం తేదీ. కింద మాట ఇంత:

"మీరు రెండు కారణాలు చెప్పారు. మొదటిది అనుమతి. మా పాలసీలో అత్యవసర చికిత్సకు ముందు అనుమతి అక్కరలేదని రాసి ఉంది, ఆ పేజీ జత చేశాం. రెండోది జబ్బు. రాత్రి 1:52కు రోగి ఛాతీ నొప్పితో, చెమటతో వచ్చాడు, ట్రయాజ్ కాగితం చూడండి. గుండెపోటు కాదని రెండో ట్రోపోనిన్ తర్వాతే తెలిసింది. మళ్ళీ కాదంటే, ఏ నిబంధన ప్రకారమో, చూసిన డాక్టరు ఎవరో రాతపూర్వకంగా తెలపండి."

పెళ్ళి మాట లేదు, అప్పు మాట లేదు. సంతకం పెద్దన్నది. మెయిల్‌లో పంపి, అందినట్టు నంబరు తీసుకున్నాం. ముప్పై రోజుల్లో తేలకపోతే సనదక్‌కు పోదామనుకున్నాం. ఇన్సూరెన్స్ మీద ఫిర్యాదులు వినడానికి యూఏఈలో పెట్టిన ఆఫీసు అది. అయితే ముందు కంపెనీకే రాసి ఉండాలి.

అంతదూరం పోలేదు. ఇరవై రెండో రోజు 4,900 మంజూరైంది. మిగతాది ఇవ్వమన్నారు. రెండో రక్తపరీక్ష బాగా వచ్చాక ప్రమాదం తప్పింది కాబట్టి, ఆ రోజే నెట్‌వర్క్ ఆసుపత్రికి మారి ఉండాల్సిందట. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ పొద్దున కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేద్దామని ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

చిట్టీకి ఇంకా 1,940 బాకీ. పెద్దన్న నెలకు రెండువందలు కడుతున్నాడు. ట్రయాజ్ కాగితం జిరాక్సు మాత్రం మా రూము బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంది.