‘చెప్తా’ అన్న సేటు చెప్పకపోతే...

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఫలహారం తిని, టీ తాగి, అమ్మాయి చాలా బాగుందని చెప్పి, “ఇంటికెళ్లి కబురు చేస్తాం” అంటూ వెళ్లిపోతారు. వారం గడుస్తుంది, పది రోజులు గడుస్తాయి. కబురుండదు. అప్పుడు పెద్దవాళ్లు ఏం చేసేవారు? “ఏమనుకున్నారు? ఏమనుకున్నారు?” అని రోజూ మనిషిని పంపేవారు కాదు. మేనమామ ఒకాయన వేరే పనిమీద ఆ ఊరు వెళ్లినట్టుగా వెళ్లి, వాళ్లు ఆ రోజు అడిగిన ఒక సంగతికి జవాబు పట్టుకెళ్లేవాడు. “అమ్మాయి చదువు సర్టిఫికెట్లు అడిగిండ్రు కద, ఇగో తెచ్చిన” అనేవాడు. మాట మళ్లీ మొదలయ్యేది.

ఇంట్లో వస్తువు చేసి అమ్మే మనలాంటి వాళ్లకు ఈ మేనమామ తెలివి చాలా అవసరమని నా నమ్మకం. కరీంనగర్‌లో మా మహిళా సంఘంలో పదకొండు మందిమి. అందులో ఆరుగురం సంక్రాంతికి సకినాలు చుడతాం. లెక్కలూ బేరాలూ నా వంతు. మనం కొట్టుకు వెళ్లి రుచి చూపించి, ధర చెప్పి వస్తాం. సేటు నవ్వుతూనే “చెప్త అక్కా, ఆలోచన చేసి చెప్త” అంటాడు. ఆ తరువాత ఉలుకూ పలుకూ ఉండదు.

మా సంఘంలోనే ఒకామె గోదావరిఖనిలో ఒక క్యాంటీను ఆయనకు పంపిన వాట్సాప్ నాకు చూపించింది. “నమస్తే సార్, మా ఆర్డరు ఏమైంది?” అని నాలుగు సార్లు, ఒకదాని కింద ఒకటి, అక్షరం తేడా లేకుండా ఉంది. నాలుగూ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. ఒక్కదానికీ జవాబు లేదు. పాపం ఆమె తప్పేమీ కాదు, అందరం అలాగే అడుగుతాం. కానీ అవతలి మనిషి వైపు నుంచి చూడండి. మొదటిసారి అడిగినప్పుడు ఆయన ఇంకా ఏమీ తేల్చుకోలేదు, కాబట్టి చెప్పలేదు. రెండోసారి అడిగినా ఆయన దగ్గర కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు, పైగా మొదటిదానికి పలకలేదన్న మొహమాటం తోడైంది. నాలుగోసారికి ఆ మొహమాటం ఎంత పెరుగుతుందంటే, మన పేరు కనబడితేనే ఫోను పక్కన పెట్టేస్తాడు. తీసుకోవడం ఇష్టం ఉన్నవాడు కూడా అలా దూరమవుతాడు.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. బేరం మాట్లాడి బస్సెక్కగానే సేటు అడిగిన ప్రశ్నలు పుస్తకంలో రాసుకుంటాను. మనం చెప్పినవి కాదు, ఆయన అడిగినవి. వాటిలోనే ఆయన భయం ఉంటుంది. మౌనం వస్తే మళ్లీ పలకరించడానికి సరుకు అక్కడే దొరుకుతుంది.

గత సంక్రాంతి సంగతే చెబుతాను. 2025 డిసెంబరు 4న నేనూ మా వదినె మంచిర్యాల వెళ్లాం. అక్కడ ఒక పెద్ద కిరాణా, మిఠాయి కొట్టు. చుట్టుపక్కల సింగరేణి కుటుంబాలు ఎక్కువ, పండుగకు గిరాకీ బాగా ఉంటుంది. కిలో 320 రూపాయల చొప్పున వంద కిలోలు ఇస్తామన్నాం. ఆయన సకినం విరిచి నోట్లో వేసుకుని మూడు మాటలు అడిగాడు. “ఇరిగినయి ఎవల ఖాతా?”, “ఎన్నొద్దులు నిల్వుంటయి?”, “పైసలు అమ్మినంక ఇస్త, సరేనా?” మేము వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్టు మీద తారీఖు రాసి కొట్టులో పెట్టి వచ్చాం. ‘చెప్తా’ అన్నాడు. అంతే.

ఇందులో మా ప్రాణం ఎక్కడుందో మీకు చెప్పాలి. సకినాల పిండి తడిపిండి. బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి ఆ రోజే చుట్టాలి. మర్నాటికి పులుస్తుంది. పోనీ ముందే చేసి డబ్బాల్లో పెట్టుకుందామా అంటే, కొనేవాడు లేకుండా వంద కిలోల నూనె వంటకం ఎవరు పెట్టుకుంటారు? ఆరుగురం కూర్చున్నా రోజుకు పాతిక కిలోలు దాటం. అందుకే ఒక తారీఖు లోపల మాట తేలకపోతే ఆ పండుగ మాకు పోయినట్టే. బియ్యానికీ నూనెకూ సంఘం నుంచి అప్పు తీసుకోవాలా వద్దా అన్నదీ ఆ మాట మీదే ఉంటుంది.

వచ్చిన రోజు రాత్రే ఒక మెసేజి పెట్టాను. “సేటూ, ఇయ్యాల మీరు మూడు మాటలు అడిగిండ్రు. ఇరిగినయి, నిల్వ, పైసలు. ఒక్కొక్కటి చూసి చెప్తం” అని. అందులో ప్రశ్న లేదు. జవాబు ఇవ్వాల్సిన భారం ఆయన మీద పెట్టలేదు. ఆయన పలకలేదు, పలకాలని నేనూ అనుకోలేదు.

తరువాత విరగడం సంగతి చూశాం. మంచిర్యాలలో మా ఆడపడుచు ఉంది. ఆర్టీసీ కార్గోలో ఆమె పేర రెండు రకాలుగా పంపాం. కొన్ని మామూలు ప్లాస్టిక్ కవర్లలో, కొన్ని గుండ్రటి డబ్బాల్లో వరుసకూ వరుసకూ మధ్య కాగితం వేసి. రెండింటిలోనూ వందేసి సకినాలు. కవర్లలో పంతొమ్మిది విరిగాయి, డబ్బాల్లో నాలుగు. డబ్బాకు ఖర్చు ఎక్కువే, అయినా తేడా కళ్లకు కనబడుతోంది కదా. 9వ తారీఖున రెండు ఫోటోలు పెట్టి, “డబ్బాలనే పంపుతం. అరకిలో డబ్బల రెండు కంటె ఎక్కువ ఇరిగితె మా ఖాతా” అని రాశాను. ఫోటో కింద ఇంతకంటే ఏమీ రాయలేదు. దానికి కూడా నీలం గీతలే వచ్చాయి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మా వదినె కూడా “బస్సుకు టికెట్టు లేదు గద, పోయి అడిగొద్దాం పా” అంది. నిజమే, 2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కానీ మనకు టికెట్టు లేనంత మాత్రాన ఆయన సమయం కూడా ఉచితం కాదు. గిరాకీ వేళ గల్లాపెట్టె ముందు నిలబడి “ఏమాయె సేటూ” అంటే, నలుగురి ముందు ఆయన నోటినుంచి వచ్చేది ‘వద్దు’ అన్న మాటే. చేతిలో కొత్తది ఏదైనా ఉంటే వెళ్లాలి. నేను మెసేజి పెట్టేది కూడా పొద్దున పది, పదకొండు మధ్యనే, కొట్టు ఊడ్చి, దేవుడికి దండం పెట్టి కాస్త కూర్చునే వేళ. వాయిస్ మెసేజి అసలు పెట్టను. కొట్టులో గోలకు ఎవరు వింటారు?

డిసెంబరు 19. మేము పెట్టి వచ్చిన ప్యాకెట్టుకు పదిహేను రోజులు నిండాయి. “సేటూ, ఆ రోజు తారీఖు రాసి పెట్టిన ప్యాకెట్టు ఇయ్యాల విప్పి తిని చూడుండ్రి. మెత్తబడ్డా, నూనె కమురు వాసన వచ్చినా పారేయుండ్రి, మాకు చెప్పుండ్రి” అని రాశాను. ఇది కాస్త ధైర్యం చేసిన పనే. సకినం సరిగా ఆరకుండా నూనెలో వేసినా, నూనె కాగకముందే వేసినా, వేడి తగ్గకముందే మూట కట్టినా పదిహేను రోజులకు తప్పక బయటపడుతుంది. మా చేతిమీద మాకు నమ్మకం ఉంది కాబట్టి రాశాం. నమ్మకం లేని సరుకుకు ఈ మెసేజి పెట్టకూడదు.

రెండు రోజులకు ఫోను మోగింది. సేటు కాదు, ఆయన భార్య. “అక్కా, కరకరనే ఉన్నయి గని ఉప్పు జర ఎక్కువ” అంది. నాకెంత సంతోషమైందో! ఉప్పు ఎక్కువన్న మనిషి కొనే మనిషి. మాట మాట కలిసినాక అసలు సంగతి బయటపడింది. “పోయిన పండుక్కు ఒకలు ఇస్తమని పండుగ అయినంక తెచ్చిండ్రు. ఆ మాల్ అంత మా ఇంట్లనే తిన్నం. మళ్ల ఆడోళ్ల సంఘమంటె నేనే వద్దన్న” అంది. చూశారా, మేము కొట్టులో మాట్లాడింది ఆయనతో. తేల్చేది ఆమె. ఆమె భయం విరగడమూ కాదు, నిల్వా కాదు. సమయానికి వస్తుందా రాదా అన్నది. ఆ మాట సేటు మాతో అననే లేదు.

దానితో తరువాత రాయవలసింది ఏమిటో నాకు తెలిసిపోయింది. 24న ఆమె నంబరుకే పంపాను. “ఉప్పు తగ్గిస్తం. జనవరి 5 పొద్దుగాల మీ కొట్ల డబ్బాలు ఉంటయి, పండుగకు ఇంక వారం పైననే ఉంటది. ముందుగాల నలభై కిలోలే తీసుకోండ్రి. సగం పైసలు మాల్ దిగినప్పుడు, సగం పండుగ అయినంక. 28 కల్లా చెప్తే బియ్యం కొంటం, ఆ తర్వాత మాకు చేతకాదు” అని. ఆ చివరి మాట బెదిరింపు కాదు, నిజంగానే 28 దాటితే మా చేతుల్లో రోజులు లేవు. ఉత్తుత్తి గడువు పెట్టి, అది దాటాక కూడా “పోనీ ఇప్పుడు ఇస్తాం” అన్నామా, ఇక మన ఏ తారీఖుకూ విలువ ఉండదు.

27 సాయంత్రం “40 పంపుండ్రి” అని రెండు ముక్కల జవాబు వచ్చింది. వంద అనుకున్నది నలభై అయింది. మిగతా రోజులు ఖాళీగా ఉండకుండా పెద్దపల్లిలో రెండు చిన్న కొట్లకు ముప్పై కిలోలు కుదుర్చుకున్నాం.

అన్నీ ఇలాగే కుదురుతాయని నేను చెప్పను. కరీంనగర్‌లోనే ఒక క్యాటరింగ్ ఆయన ఫిబ్రవరి పెళ్లిళ్లకు సారె సామాను, అంటే సకినాలు, అరిసెలు, లడ్లు మా దగ్గర తీసుకుంటానని మాట్లాడాడు. ఆయన మా దగ్గర కూర్చున్న అరగంటలో ధర తప్ప మరొకటి అడగలేదు. నా పుస్తకంలో రాసుకోవడానికే ఏమీ లేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఫోను చేస్తే ఎత్తుతాడు, తీయగా మాట్లాడతాడు, “రేపు చెప్తా” అంటాడు. ఆలస్యంగానైనా ఏదో ఒకటి అడిగేవాడితో ఇంకా బేరం ఉన్నట్టు. ఏమీ అడగకుండా రేపు, రేపు అనేవాడితో లేనట్టే. అయినా మూడు సార్లు మూడు కొత్త సంగతులు పంపాను. బెల్లం అరిసెల ఫోటో, యాభై మంది సారెకు ఎంత సామాను పడుతుందో లెక్క, తక్కువ మోతాదుకు వేరే ధర. నాలుగోసారి, “ఫిబ్రవరి తారీఖులు వేరేవాళ్లు అడుగుతున్నరు, వాళ్లకు ఇచ్చేస్తున్నం. మళ్ల ఎప్పుడన్న పనిబడితే చెప్పుండ్రి” అని రాసి ఊరుకున్నాను. దానికీ జవాబు రాలేదు. ఆ తారీఖులు నిజంగానే వేరేవాళ్లకు ఇచ్చేశాం. ఆయన నంబరు మాత్రం కొట్టేయలేదు. పుస్తకంలో దాని పక్కన ‘శ్రావణం పెళ్లిళ్లు’ అని రాసి పెట్టుకున్నాను.