అడుగంటే ఎంత?

పటం గీయడం బళ్లో ఒక మార్కుల ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ అవుట్‌లైన్ ఇస్తారు, నదులు గుర్తించాలి, రంగులు వేయాలి. గోదావరి అర అంగుళం పక్కకి జరిగినా ఎవరూ దారి తప్పరు. అర మార్కు పోతుంది, అంతే. నిధి పటం అలా కాదు. దాన్ని గీసేవాళ్లు ఒకరు, పట్టుకుని నడిచేవాళ్లు ఇంకొకరు. డబ్బా దొరికితే పటం సరైనది, దొరక్కపోతే కాదు. ఎర్ర ఇంకుతో దిద్దడానికి టీచరు అక్కర్లేదు.

ఆ ఒక్క కారణంతోనే నెల్లిమర్లలో ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతి పిల్లలతో ఈ ఆట మొదలుపెట్టాను. జూలైలో రెండు శనివారాలు. ఇరవై మంది పిల్లలు, అయిదుగురేసి నాలుగు జట్లు. ప్రతి జట్టూ తమ బడికి తామే పటం గీసి, ఆవరణలో ఎక్కడో ఒక రేకు డబ్బా దాచి, మిగతా మూడు జట్లకీ ఆ పటమూ ఒక్క వాక్యం ఆనవాలూ ఇవ్వాలి. డబ్బాలో భీమాళి మామిడి తాండ్ర ముక్కలు. లంకెబిందెలతో పోలిస్తే చిన్న నిధే కానీ, వెతికే ఉత్సాహంలో తేడా ఏమీ లేదు.

మొదట కొలతలు లేకుండా, బయటికి చూడకుండా, గుర్తున్నది గుర్తున్నట్టు గీయమన్నాను. ఇరవై కాగితాల మీద ఇరవై బళ్లు వచ్చాయి. మగపిల్లల కాగితాల్లో సగం చోటు ఆటస్థలానిదే. క్రికెట్ పిచ్ పక్కన తరగతి గదులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఆడపిల్లల కాగితాల్లో వరండా, కుళాయి, వంట షెడ్డు, మెట్లు ఒక్కొక్కటీ లెక్కతో సహా ఉన్నాయి. గదుల వెనక, ప్రహరీగోడకీ భవనానికీ మధ్య ఉన్న చోటు మాత్రం చాలా కాగితాల్లో తెల్లగా ఉండిపోయింది. గీయడం మర్చిపోయారా అని అడిగితే ఒకమ్మాయి మామూలుగా చెప్పింది: "అటేపు మేం ఎల్లం మేడమ్. అక్కడ మగపిల్లలుంటారు."

రోజర్ హార్ట్ అనే ఆయన అమెరికాలో ఒక చిన్న ఊరి పిల్లలు ఎక్కడెక్కడ తిరుగుతారో దగ్గరుండి చూసి 1979లో ఒక పుస్తకం రాశాడు. అక్కడా మగపిల్లలు తిరిగే మేరకంటే ఆడపిల్లలు తిరిగే మేర చిన్నదే. ఊళ్లో, వీధిలో అలా ఉంటుందని మనకి తెలిసిందే. నాలుగు గోడల మధ్య, ఒకే బడిలో కూడా అలాగే ఉందని ఆ తెల్ల కాగితం చూసేదాకా తట్టదు.

తర్వాత దిక్కులు. ఈ పిల్లలకి దిక్కుల పేర్లు మనకంటే బాగా వచ్చు. బోరు ఈశాన్యంలో ఉండాలని, వంట ఆగ్నేయంలో చెయ్యాలని ఇంట్లో విని ఉన్నారు. కానీ "ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోటు నుంచి ఉత్తరం ఎటు?" అంటే నాలుగు చేతులు నాలుగు వైపులకి లేచాయి. వాళ్లకి దిక్కంటే ఊళ్లో ఒక గుర్తు: జూట్ మిల్లు వైపు, చంపావతి వైపు, రైలు పట్టాల్లో విజయనగరం వైపు, గరివిడి వైపు. సముద్రం తూర్పున కదా అని ఒకడు తేల్చేశాడు. కానీ మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. నెల్లిమర్ల నుంచి దగ్గరి సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది.

ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమచేయి ఉత్తరం అని పుస్తకంలో ఉంటుంది. మార్చిలోనూ సెప్టెంబరులోనూ అది నిజం. జూలైలో మాత్రం నెల్లిమర్లలో సూర్యుడు అసలు తూర్పుకి 20 డిగ్రీలకు పైగా ఉత్తరంగా ఉదయిస్తాడు. ఆ తేడాతో 13 మీటర్లు నడిస్తే చేరాల్సిన చోటికి దాదాపు 5 మీటర్ల పక్కన తేలతాం. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుందన్న మాట కూడా ఆ నెలలో ఇక్కడ పనికిరాదు. ఈ ఊరు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. అదీ మీటరు కర్రకి ఆరు సెంటీమీటర్లే.

అందుకని శుల్బసూత్రాల కాలం నుంచీ ఉన్న శంకువు పద్ధతి పట్టుకున్నాం. చదునైన చోట మీటరు కర్ర నిటారుగా పాతాలి. నిటారుగా ఉందో లేదో తాడుకి రాయి కట్టి చూడాలి. పది గంటలకి నీడ సుమారు అర మీటరు ఉంది. కర్ర మొదట్లో తాడు కట్టి, ఆ నీడ పొడవుతో నేల మీద ఒక వలయం గీసి, నీడ కొస తాకిన చోట మేకు దిగ్గొట్టారు. నీడ కురచై వలయం లోపలికి వెళ్లిపోయింది. భోజనాలయ్యాక, రెండు దాటాక, రెండో వైపు నుంచి మళ్లీ వలయాన్ని తాకింది. అక్కడ రెండో మేకు. రెండు మేకుల్నీ కలిపే గీతే తూర్పు పడమర. ఏ నెలైనా, నీడ ఎటు పడినా, ఇది తప్పదు, ఎందుకంటే మధ్యాహ్నానికి ముందు ఎంత సేపో తర్వాత అంతే సేపు అన్న లెక్క మీద నడుస్తుంది. దీనికి మబ్బు ఒక్కటే శత్రువు. ఫోనులో దిక్సూచి ఉందిగా అంటారు. ఇనుప గేటు దగ్గరికి తీసుకెళ్తే దాని ముల్లు ఎలా పక్కకి తిరుగుతుందో పిల్లలే చూసి నవ్వారు.

రెండో శనివారం టేపుతో ఆవరణ కొలిచారు. 52 మీటర్ల పొడవు, 38 మీటర్ల వెడల్పు. సెంటీమీటరుకి 2 మీటర్లనుకుంటే 26 బై 19, ఏ-ఫోర్ కాగితంలో సరిగ్గా ఇముడుతుంది. ప్రహరీ వెంబడి నాలుగు పక్కలా ప్రతి జట్టూ నడవాలని నియమం పెట్టాం. టేపు ఒక కొస పట్టుకోవాలి కాబట్టి గదుల వెనక్కి ఆడపిల్లలూ వెళ్లారు. అక్కడ విరిగిన బెంచీలు, ఒక నేరేడు చెట్టు, బోలెడంత నీడ ఉన్నాయి.

ఇక ఆనవాళ్లు. స్థిరంగా ఉన్నవాటి నుంచే మొదలుపెట్టాలని ఒక జట్టు తెలుసుకున్న తీరు బాగుంది. వాళ్ల ఆనవాలు బండి స్టాండు వేసిన చోటు నుంచి మొదలైంది. ఆ బండి పదకొండింటికి మండలం ఆఫీసుకి వెళ్లిపోయింది.

అసలు పేచీ ఇంకో జట్టుది. ఆ జట్టులో అమ్మాయి రాసిన వాక్యం: "వేపచెట్టు నుంచి తూర్పుకి 24 అడుగులు." పటం చక్కగా ఉంది, ఉత్తరం గుర్తు సరిగ్గా ఉంది. మూడు జట్లూ వెళ్లాయి. మూడూ తప్పిపోయాయి. ఒక్కొక్కరూ తాము నిధి అనుకున్న చోట ఒక రంగు జెండా పాతారు. చూస్తే మూడు జెండాలూ వేపచెట్టు నుంచి ఒకే గీత మీద ఉన్నాయి. ఇలాంటప్పుడు జెండాలు ఎలా పడ్డాయో చూస్తే చాలు. చెట్టు చుట్టూ విల్లులా పడితే దిక్కు తప్పినట్టు. ఒకే గీత మీద దగ్గరా దూరంగా పడితే దిక్కు సరే, దూరం తప్పినట్టు.

మొదటి జట్టు స్కేలు అడుగు అనుకుంది. పన్నెండు అంగుళాల లెక్కన 24 అడుగులంటే 7.3 మీటర్లు. రెండో జట్టులో ఒక పిల్లాడు మడమకి బొటనవేలు ఆనించి పాదాలతో కొలిచాడు. వాడి పాదం 22 సెంటీమీటర్లు, అంటే 5.3 మీటర్లు. మూడో జట్టు పొడుగు పిల్లాణ్ణి నడవమంది. 24 అంగల్లో వాడు పదిహేను మీటర్లు దాటిపోయాడు. డబ్బా మాత్రం 13.3 మీటర్ల దగ్గర, ఆ అమ్మాయి 24 అడుగులు వేసిన చోట ఉంది.

"ఏటి మేడమ్, అడుగంటే అడుగే కదేటి!" అని ఆమెకి కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. ఇంగ్లీషులో కొలతకి ఒక మాట, నడకకి ఇంకో మాట. మనకి రెండూ అడుగే. అడిగితే చెప్పేవాళ్లు లేనిచోట "అడుగు" అన్న మాట కూడా అదే. మూర పూలు కొన్నప్పుడు మూర అమ్మేవాళ్ల చేతిది, మన చేతిది కాదు. ఎదురుగా ఉన్నారు కాబట్టి బేరమాడతాం. పటంలో గీసినవాళ్లు ఎదురుగా ఉండరు. సర్వేయర్లు 66 అడుగుల గొలుసు పట్టుకుని పొలాలు తొక్కింది ఈ బాధ తప్పించుకోవడానికే. ఎవరు పట్టుకున్నా గొలుసు అంతే ఉంటుంది.

ఇక్కడ స్టీవెన్‌సన్ గుర్తొచ్చాడు. 1881లో స్కాట్లండ్‌లో వానలకి ఇంట్లో చిక్కుకుపోయి, సవతి కొడుకుతో సరదాకి ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచే 'ట్రెజర్ ఐలండ్' నవల పుట్టింది. తర్వాత ప్రచురణకర్తలకి పంపిన పటం పోయింది. నవలలో రాసిన దూరాలన్నీ ఏరుకుని, వాటికి సరిపడేలా మళ్లీ గీయాల్సి వచ్చింది. పటం చూసి మాటలు రాయడం తేలికే. మాటలు చూసి చోటు పట్టుకోవడమే కష్టం. మన మూడు జట్లూ చేసింది ఆ కష్టమైన పనే.

దీనికి విరుగుడు టేపు ఒక్కటే కాదు. ఎవరి అడుగు ఎంతో పటంలో రాస్తే చాలు. అందరూ 20 మీటర్లు మామూలుగా మూడుసార్లు నడిచి లెక్కపెట్టారు. పరిగెత్తకూడదు, పొగరుగా అంగలు వేయకూడదు. పొడుగు పిల్లాడికి 31, ఆ అమ్మాయికి 36. ఆమె 24 వేస్తే వాడు 21 వెయ్యాలి. ఏడో తరగతి అనుపాతం లెక్క అంతే. పుస్తకంలో కూలీలు, రోజులు ఉన్నచోట ఇక్కడ వాడి కాళ్లున్నాయి.

సాయంత్రం చివరి ఆట. అదే జట్టు డబ్బాని మళ్లీ దాచింది. ఈసారి మగపిల్లలు అరగంట సేపు ఆటస్థలం, వంట షెడ్డు, బోరు చుట్టూ తిరిగారు. ఆనవాలు సరిగ్గా చదివితే గదుల వెనక్కే దారి తీస్తుంది. కానీ ఆడపిల్లలు అక్కడ దాస్తారని వాళ్లెవరికీ తోచలేదు. ఆ జట్టు లెక్క అదే. డబ్బా నేరేడు చెట్టు మొదట్లో, విరిగిన బెంచీ కింద దొరికింది. తాండ్ర అక్కడే కూర్చుని తిన్నారు, ఇరవై మందీ.

ఆ పటం నా దగ్గరుంది. పొద్దున తెల్లగా ఉన్న చోట ఇప్పుడు చెట్టూ, మూడు బెంచీలూ, గోడలో ఊడిన ఇటుక కూడా ఉన్నాయి. కింద మూలన, స్కేలు పక్కన, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుంది: ఇందులో అడుగంటే నా అడుగు. 20 మీటర్లకి 36.